బోరు మోటారు స్టార్టర్‌కు ఏ మైక్రోకంట్రోలర్? డేటాషీట్ మొదటి పేజీలో కనిపించని లెక్కలు

పొలంలో బోరు పక్కన ఒక ఇనుప డబ్బా ఉంటుంది. అందులో కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్. ఆ డబ్బాలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు బిగిస్తే రైతు ఇంటి నుంచే ఫోన్‌తో మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే వైండింగ్ కాలిపోకముందే బోర్డు మోటారును ఆపేస్తుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు తీసుకునే ఆంపియర్లు పడిపోతాయి. దాన్ని బట్టి డ్రై రన్ అని గుర్తుపట్టి ఆపుతుంది. ఇలాంటి మొబైల్ స్టార్టర్లు తెలుగు రాష్ట్రాల పల్లెలకు కొత్త కాదు. కానీ ఇలాంటి బోర్డును మొదటిసారి తయారుచేసేవాళ్లు తొందరగా తీసుకుని తర్వాత బాధపడే నిర్ణయం ఒకటి ఉంది. అది బోర్డును నడిపే చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్ ఎంపిక.

మొదటి విడతగా 2,000 బోర్డులు చేయాలనుకున్న ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం. బల్ల మీద నాలుగు పేర్లు ఉన్నాయి. ఆర్డుయినోతో అందరికీ అలవాటైన ATmega328P, తక్కువ ధరకే వైఫై కూడా ఇచ్చే ESP32-C3, ఎస్‌టీ కంపెనీ చవక చిప్పు STM32G030, అదే కుటుంబంలో కాస్త పెద్దదైన STM32G071. నాలుగూ మంచి చిప్పులే, నాలుగింటితోనూ బల్ల మీద డెమో నడుస్తుంది. తేడా బయటపడేది పొలంలో.

చాలామంది ఇక్కడ నాలుగు డేటాషీట్లు తెరిచి మెగాహెర్ట్జ్, కేబీ, ధర అంటూ పట్టిక వేస్తారు. అది తలకిందుల పని. ముందు తెల్ల కాగితం మీద బోర్డు అవసరాలు ఒక్కొక్క కాలుగా, ఒక్కొక్క బైటుగా రాసుకోవాలి. చిప్పు పేరు ఆ తర్వాత రావాలి.

కాళ్ల లెక్క

స్టార్టర్ బోర్డు కొలవాల్సినవి మూడు ఫేజుల వోల్టేజీ, మూడు ఫేజుల ఆంపియర్లు. వీటికి తోడు పవర్ సప్లైలోని 12 వోల్టుల లైను, డబ్బా లోపలి వేడి. అంటే ఎనిమిది అనలాగ్ ఇన్‌పుట్లు. 4జీ మోడెమ్‌కు ఒక సీరియల్ పోర్టు కావాలి, డేటా పోకుండా ఉండాలంటే ఫ్లో కంట్రోల్‌తో కలిపి నాలుగు కాళ్లు. నీటి మీటరు తగిలించడానికి ఆర్‌ఎస్-485 పోర్టుకు మూడు. డీబగ్ పోర్టుకు రెండు. బటన్, ఆటో-మాన్యువల్ స్విచ్, ఓవర్‌లోడ్ కాంటాక్ట్ కలిపి మూడు. రెండు రిలేలు, నాలుగు ఎల్‌ఈడీలు, ఒక బజర్, మోడెమ్‌ను ఆన్ చేయడానికి, రీసెట్ చేయడానికి రెండు, కలిపి తొమ్మిది. బయటి ఫ్లాష్ మెమరీకి నాలుగు, డిస్‌ప్లేకు రెండు, ప్రోగ్రామింగ్‌కు రెండు, 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌కు రెండు, రీసెట్‌కు ఒకటి. మొత్తం 40.

ఈ ఒక్క అంకె రాగానే రెండు పేర్లు పోతాయి. ATmega328P లో రీసెట్ కాలితో కలిపి 23 ఇన్‌పుట్-ఔట్‌పుట్ కాళ్లే ఉన్నాయి. ESP32-C3 లో 22. కాళ్లు చాలకపోతే పక్కన ఎక్స్‌పాండర్ చిప్పు పెడదాం అనే ఆలోచన వస్తుంది. బటన్లకూ ఎల్‌ఈడీలకూ అది సరిపోతుంది, అనలాగ్ కొలతలకు సరిపోదు. పైగా అనలాగ్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీకి ESP32-C3 డేటాషీట్ ఆరు ఛానెళ్లు చూపిస్తుంది. వాటిలో ఐదు మొదటి ఏడీసీవి, ఒకటి రెండో ఏడీసీది. ఆ రెండోది సరిగా పనిచేయదని తయారీదారే ఎర్రాటాలో రాసింది. ఎర్రాటా అంటే చిప్పులో తెలిసిన లోపాలను తయారీదారే ఒప్పుకుంటూ ప్రచురించే పత్రం. నమ్మకంగా వాడుకోగలిగినవి ఐదే, మనకు కావాల్సినవి ఎనిమిది. పొలంలో ఎలాగూ వైఫై ఉండదు కాబట్టి ఈ చిప్పును వదులుకోవడానికి బాధపడాల్సింది ఏమీ లేదు.

STM32G030, STM32G071 రెండింటికీ 48 కాళ్ల ప్యాకేజీలో 44 వాడుకోదగినవి ఉన్నాయి. నలభై పోగా నాలుగు మిగులుతాయి. ఇది ఎక్కువేమీ కాదు. మొదటి బోర్డు చేతికొచ్చాక ఇంకో సెన్సర్ కావాలని ఎవరో ఒకరు అడుగుతారు.

కాళ్లు ఉన్నంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఒకే కాలు మీద మూడు నాలుగు పనులు రాసి ఉంటాయి, ఒకసారికి ఒక్కటే దొరుకుతుంది. ఈ ఇబ్బంది STM32G0 లో ఎలా తగులుతుందో చూడండి. వరుసగా ఉన్నాయి కదా అని ఎనిమిది అనలాగ్ ఇన్‌పుట్లనూ PA0 నుంచి PA7 వరకు పెట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ రెండో సీరియల్ పోర్టు USART2 పంపే లైను రావాల్సింది PA2 మీదే. అది కాకపోతే PA14 మీద రావాలి, ప్రోగ్రామింగ్ క్లాక్ ఉండేది దాని మీదే. ఇంకో దారి PD5, అది 48 కాళ్ల ప్యాకేజీలో బయటికి రాదు. అంటే అనలాగ్ ఇన్‌పుట్లు పెట్టిన తీరు వల్ల ఒక సీరియల్ పోర్టు మాయమైపోయింది. G030 లో ఉన్నవే రెండు కాబట్టి మిగిలేది ఒక్కటి. రెండు అనలాగ్ లైన్లను PB0, PB1 లకు మార్చి PA2, PA3 ని సీరియల్‌కు వదిలేస్తే సమస్య తీరుతుంది. ఇది బోర్డు గీయకముందు పది నిమిషాల పని. బోర్డులు అచ్చయి వచ్చాక తెలిస్తే మూడు వారాల పని.

పాత STM32F103 వాడినవాళ్లకు ఇలాంటిదే ఇంకొకటి గుర్తుండే ఉంటుంది. దాని మొదటి పేజీలో యూఎస్‌బీ ఉంది, క్యాన్ కూడా ఉంది. కానీ రెండూ ఒకే 512 బైట్ల మెమరీని పంచుకుంటాయి, ఒకేసారి వాడలేం. జాబితాలో రెండు ఉన్నాయంటే రెండూ కలిసి పనిచేస్తాయని అనుకోకూడదు. STM32CubeMX లాంటి ఉచిత టూల్‌లో అవసరాలన్నీ ఒకేసారి ఆన్ చేసి చూస్తే కాళ్ల మీద జరిగే ఇలాంటి గొడవలు చాలావరకు ఎర్రగా కనిపిస్తాయి. చిప్పు కొనక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. ఆ ఫైలు సేవ్ చేశాకే తర్వాతి మెట్టుకు వెళ్లడం మంచిది.

మనకు మూడు సీరియల్ పోర్టులు కావాలి. G030 లో రెండే ఉన్నాయి, G071 లో నాలుగు, పైగా తక్కువ విద్యుత్తుతో నడిచేది ఇంకొకటి. డీబగ్ సందేశాలను ప్రోగ్రామింగ్ లైను మీదుగా చదువుకుంటే G030 తో ఎలాగోలా నెట్టుకురావచ్చు. అందుకే దాన్ని ఇప్పుడే కొట్టేయకుండా మెమరీ దగ్గరికి వెళ్దాం.

మెమరీ: లింకర్ సరే అన్నా స్టాక్ సరే అనదు

మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. ఆర్‌ఎంఎస్ విలువ సరిగ్గా రావాలంటే సైకిల్‌కు 64 కొలతలు తీసుకుంటే చాలు. అంటే ఒక ఛానెల్‌కు సెకనుకు 3,200, ఆరు ఛానెళ్లకు 19,200. ATmega328P ఇక్కడ కూడా ఎందుకు చాలదో చెప్పాలి, ఎందుకంటే ఆర్డుయినోతో నమూనా చేసి అదే చిప్పుతో ఉత్పత్తికి వెళ్లిపోయే అలవాటు చాలామందికి ఉంది. దాని ఏడీసీ పూర్తి పది బిట్ల ఖచ్చితత్వంతో సెకనుకు 15,000 కొలతలే తీసుకోగలదు. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను మెమరీలో పెట్టే డీఎంఏ లేదు కాబట్టి ప్రతి కొలతకూ ప్రాసెసర్ పని ఆపి రావాలి. STM32G0 ఏడీసీ పన్నెండు బిట్లది, సెకనుకు లక్షల కొలతలు తీయగలదు. టైమర్ కొట్టిన ప్రతిసారీ కొలత తీసి, డీఎంఏ ద్వారా మెమరీలో తనే పెట్టేస్తుంది.

ఆ కొలతలు ఎక్కడో నిలవాలి కదా. 64 కొలతలు, 6 ఛానెళ్లు, ఒక్కోదానికి 2 బైట్లు, మొత్తం 768 బైట్లు. ఒక సైకిల్ డేటా మీద లెక్క చేస్తుండగా రెండో సైకిల్ నిండాలి కాబట్టి దానికి రెట్టింపు, 1,536. ATmega328P మొత్తం ర్యామ్ 2,048 బైట్లని గుర్తుచేసుకుంటే మిగిలేది ఏపాటిదో తెలుస్తుంది. మోడెమ్ 1,15,200 బాడ్ వేగంతో సెకనుకు సుమారు 11,500 బైట్లు పంపగలదు. వెయ్యి బైట్ల బఫర్ పెట్టినా తొంభై మిల్లీసెకన్లలోపే నిండిపోతుంది. ఆలోగా ప్రోగ్రామ్ వచ్చి చదవకపోతే సందేశం సగం పోతుంది. ఫ్లో కంట్రోల్ కాళ్లకు లెక్కలో చోటు ఇచ్చింది అందుకే.

ఇప్పుడు ఒక నమూనా ఫర్మ్‌వేర్ బిల్డ్ చేశాక వచ్చే అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం.

```
$ arm-none-eabi-size starter.elf
   text    data     bss     dec     hex filename
  47312     412    6980   54704    d5b0 starter.elf
```

ఫ్లాష్‌లో పట్టే చోటు text, data కలిపి 47,724 బైట్లు. ర్యామ్‌లో పట్టేది data, bss కలిపి 7,392. G030 లో 64 కేబీ ఫ్లాష్, 8 కేబీ ర్యామ్ అంటే 8,192 బైట్లు. లింకర్ ఏ ఎర్రరూ ఇవ్వదు. అన్నీ సరిపోయాయని సంతోషిస్తాం. నిజానికి ఫంక్షన్లు నడిచేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే స్టాక్‌కు మిగిలింది 800 బైట్లు. ఎస్ఎంఎస్ తయారుచేయడానికి snprintf పిలిచిన క్షణంలోనే డీఎంఏ ఇంటరప్ట్, దాని మీద సీరియల్ ఇంటరప్ట్ వచ్చిపడితే స్టాక్ కిందికి దిగి పక్క వేరియబుల్స్ మీద రాసేస్తుంది. అది బల్ల మీద వారం పాటు కనపడకపోవచ్చు. పొలంలో పది రోజులకోసారి స్టార్టర్ ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతుంది, లేదా ఫేజు వోల్టేజీ ఉన్నట్టుండి అర్థంలేని అంకె చూపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పాత పద్ధతే మంచిది. ప్రోగ్రామ్ మొదలవగానే స్టాక్ చోటంతా 0xA5 తో నింపాలి. రెండు రోజులు గట్టిగా నడిపి, ఎస్ఎంఎస్‌లు వరుసగా పంపి, నెట్‌వర్క్ తెంపి కలిపి, ఆ తర్వాత ఆ గుర్తులు ఎంతవరకు చెరిగిపోలేదో చూడాలి. చెరగని చోటు కనీసం మూడో వంతు ఉంటేనే ధైర్యంగా ఉండొచ్చు. ఈ ఫర్మ్‌వేర్‌కు 8 కేబీ చాలదు. G071 లో ర్యామ్ 36 కేబీ.

ఫ్లాష్ సంగతికొస్తే అసలు ప్రశ్న కోడ్ పడుతుందా అన్నది కాదు, కోడ్ మారుతుందా అన్నది. ఊరూరా తిరిగి 2,000 డబ్బాలు విప్పలేం కాబట్టి 4జీ ద్వారానే కొత్త ఫర్మ్‌వేర్ పంపాలి. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయినా పాతది బతికి ఉండాలి కాబట్టి రెండు కాపీలకు చోటు ఉండాలి. G071CB లో 128 కేబీ ఉంది. బూట్‌లోడర్‌కు 12 కేబీ, సెట్టింగులకు 4 కేబీ తీసేస్తే 112 కేబీ మిగులుతుంది, ఒక్కో కాపీకి 56. మన ఫర్మ్‌వేర్ 47 కేబీ లోపే ఉంది కాబట్టి పెరగడానికి ఒక తొమ్మిది కేబీ దొరుకుతుంది. రెండేళ్లకు ఇది బిగుతుగానే అనిపిస్తుంది. అందుకే కాళ్ల లెక్కలో బయటి ఫ్లాష్ చిప్పుకు నాలుగు కాళ్లు ముందే ఇచ్చాం. కొత్త కాపీ అందులో దిగి, సరిచూసుకున్నాకే లోపలికి రావచ్చు.

కరెంటు పోయే ఆ పాతిక మిల్లీసెకన్లు

ఇప్పటికి G030 పక్కకు తప్పుకుంది. కానీ అదే చవక వరుసలో ఇంకో చిప్పు ఉంది. STM32G070CB కి ఫ్లాష్ 128 కేబీ, ర్యామ్ 36 కేబీ, సీరియల్ పోర్టులు నాలుగు, అదే 48 కాళ్ల ప్యాకేజీ, అదే 64 మెగాహెర్ట్జ్. ఈ అంకెలు మాత్రమే చూస్తే G071 కూ దీనికీ తేడా కనిపించదు, ధర మాత్రం తక్కువ. ఎంపికంతా చివరికి ఈ రెండింటి మధ్యకు వచ్చి నిలిచింది. ఈ తేడా నాకు ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

పొలంలో కరెంటు ఒక్కసారిగా, శుభ్రంగా పోదు. ఫేజు ఊగుతుంది, పోతుంది, వస్తుంది. కాంటాక్టర్ పడేటప్పుడు స్పార్క్ వస్తుంది. బోర్డు మీది 3.3 వోల్టుల లైను నెమ్మదిగా దిగుతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. G070 చవక వరుస చిప్పు కాబట్టి దానిలో ఉన్నది మామూలు పవర్-ఆన్, పవర్-డౌన్ రీసెట్ మాత్రమే. అది పనిచేసేది 2 వోల్టుల దగ్గర. అంటే లైను 3.3 నుంచి 2 దాకా దిగేవరకూ చిప్పు మామూలుగా నడుస్తూనే ఉంటుంది. దాని వరకు అది తప్పు కాదు, అది 2 వోల్టుల దాకా పనిచేసేలా చేసిందే. చిక్కంతా పక్కనున్న బయటి ఫ్లాష్ చిప్పుతో. మామూలుగా దొరికే 3 వోల్టుల సీరియల్ ఫ్లాష్‌లకు కనీసం 2.7 వోల్టులు కావాలి. లైను 2.4 దగ్గర ఉన్నప్పుడు మైక్రోకంట్రోలర్ మెలకువగా ఉండి "ఈ పేజీ చెరిపి రాయి" అని ఆజ్ఞ ఇస్తే, సగం స్పృహలో ఉన్న ఫ్లాష్ ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు.

ఫలితం రైతుకు ఇలా కనిపిస్తుంది. కరెంటు వచ్చాక స్టార్టర్ తన ఫోన్ నంబరును గుర్తుపట్టదు. ఓవర్‌లోడ్ సెట్టింగు ఫ్యాక్టరీ విలువకు పోయి ఉంటుంది. సర్వీస్ మనిషి వచ్చి మళ్లీ నమోదు చేస్తే పనిచేస్తుంది, బోర్డు తెచ్చి బల్ల మీద పరీక్షిస్తే లోపమే కనపడదు. ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు ముందు సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. ముందుగా చూడాల్సింది ఆసిలోస్కోప్‌లో 3.3 లైను పడిపోయే ఆకారం, దాని పక్కనే ఫ్లాష్ చిప్ సెలెక్ట్ లైను. 2.7 కింద చిప్ సెలెక్ట్ కదిలితే దొంగ దొరికినట్టే.

G071 లో దీనికి రెండు అదనపు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి స్థాయి ఎంచుకోగల బ్రౌన్‌ఔట్ రీసెట్. దాన్ని సుమారు 2.8 వోల్టులకు పెడితే ఫ్లాష్ తెలివి తప్పకముందే మైక్రోకంట్రోలర్ రీసెట్‌లోకి పోతుంది. రెండోది పీవీడీ అనే వోల్టేజీ కాపలాదారు. లైను పెట్టిన గీత దాటి దిగగానే ఇంటరప్ట్ ఇస్తుంది. అప్పుడు రిలేలు వదిలేసి, మోటారు నడిచిన సమయం లాంటివి చిప్పు లోపలి ఫ్లాష్‌లోనే రాసుకోవచ్చు. ఈ రెండూ ఒకే గీత దగ్గర పెట్టలేం. లోపలి ఫ్లాష్‌లో రాయడానికి సమయం కావాలంటే బ్రౌన్‌ఔట్‌ను దించాలి, బయటి ఫ్లాష్‌ను కాపాడాలంటే పైన పెట్టాలి. దించినప్పుడు పీవీడీ ఇంటరప్ట్ రాగానే బయటి ఫ్లాష్‌ను ఇక ముట్టకూడదని ప్రోగ్రామ్‌లో గట్టి నియమం ఉండాలి.

సమయం ఎంత దొరుకుతుంది? 3.3 లైను మీద 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, చిప్పూ చుట్టుపక్కలవీ కలిపి 15 మిల్లీఆంపియర్లు, 2.8 నుంచి 2.0 దాకా దిగడం.

```
t = C × ΔV / I = 470e-6 × 0.8 / 0.015 ≈ 0.025 s
```

పాతిక మిల్లీసెకన్లు. G0 లోపలి ఫ్లాష్‌లో ఎనిమిది బైట్లు రాయడానికి పట్టేది ఒక మిల్లీసెకనులో చిన్న భాగం, కాబట్టి రాయడానికి ఇది ధారాళం. కానీ 2 కేబీ పేజీ చెరపడానికి ఇరవై మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కాబట్టి పేజీ ముందే చెరిపి సిద్ధంగా ఉంచుకోవాలి, ఆఖరి క్షణంలో రాయడం మాత్రమే జరగాలి. మోడెమ్‌ను ఇదే లైను మీద పెడితే ఈ లెక్కంతా గాలికి పోతుంది. 2జీ లోకి దిగినప్పుడు మోడెమ్ ఒక్కో క్షణం 2 ఆంపియర్ల దాకా లాగగలదు. దానికి వేరే రెగ్యులేటర్ తప్పదు.

పాత ATmega328P లో ఈ బ్రౌన్‌ఔట్ స్థాయిలను ఫ్యూజులతో 1.8, 2.7, 4.3 అని ఎంచుకునే వీలు ఎప్పటినుంచో ఉంది. కొత్త చిప్పు కదా అన్నీ ఉంటాయిలే అనుకోవడం ఇక్కడ తప్పుతుంది.

G070 తో అసలు కుదరదని కాదు. 12 వోల్టుల లైనును ఏడీసీతో చూస్తూ ఉంటే అది పడిపోవడం 3.3 కంటే ముందే తెలుస్తుంది. రీసెట్ కాలికి బయట నుంచి ఒక సూపర్‌వైజర్ చిప్పు కట్టొచ్చు. అప్పుడు ఆ భాగాల ధర కూడా G070 ధరలో కలిపి చూడాలి.

ధర

చిప్పుల ధరలు వారం వారం మారతాయి కాబట్టి కింది అంకెలు లెక్క చూపడానికి అనుకున్నవే. G070 కి 95 రూపాయలు, G071 కి 125 అనుకుందాం. తేడా 30, 2,000 బోర్డుల మీద 60,000 రూపాయలు. కొనుగోలు విభాగం కంటికి ఇది పెద్దగానే కనిపిస్తుంది. ఇప్పుడు G070 పక్కన సూపర్‌వైజర్ 12, దాన్ని అతికించే కూలి 3, దాని చుట్టూ పెట్టే చిన్న భాగాలు 2 కలిపితే తేడా 13 కు వస్తుంది. మొత్తం మీద 26,000. ఒక సర్వీస్ మనిషి బండి వేసుకుని ఊరికి వెళ్లి రావడానికి 700 ఖర్చు అనుకుంటే, 26,000 అంటే 37 రాకపోకలు. రెండు వేల డబ్బాల్లో నూటికి రెండు కూడా కాని డబ్బాలు ఒక్కసారి పిలిచినా ఆ ఆదా అంతా పోయినట్టే.

దొరకడం కూడా ధరలో భాగమే. 2021 లో చిప్పుల కరువు వచ్చినప్పుడు STM32F103 లాంటి మామూలు చిప్పు కూడా పాత ధరకు ఎన్నో రెట్లు పలికింది. చాలామంది అదే అంకెను పోలిన వేరే కంపెనీల చిప్పులకు మారి, టైమింగుల్లో చిన్న చిన్న తేడాలతో నెలలు గడిపారు. ఎస్‌టీ తన STM32 చిప్పులకు పదేళ్ల సరఫరా హామీ ప్రకటిస్తుంది. అది తయారీ ఆపబోమన్న మాటే, కరువులో దొరుకుతుందన్న మాట కాదు. దీనికి మందు బోర్డు గీసేటప్పుడే వేయాలి. G070, G071 లకు 48 కాళ్ల అమరిక కలుస్తుంది కాబట్టి, సూపర్‌వైజర్‌కు ఖాళీ చోటు బోర్డు మీద వదిలేస్తే ఏది దొరికితే అది అతికించుకోవచ్చు. పాత F103 మాత్రం ఆ చోట కూర్చోదు, దాని పవర్ కాళ్లే వేరు. మార్చుకునేటప్పుడు ఒక మెలిక ఉంది. G070, G071 రెండింటి డివైస్ ఐడీ 0x460 అనే చూపిస్తుంది. ఫర్మ్‌వేర్ ఆ అంకె చదివి తను దేని మీద నడుస్తోందో తెలుసుకోలేదు. మిగిలిన నాలుగు కాళ్లలో ఒకదానికి రెసిస్టర్ కట్టి, ఇది ఏ రకం బోర్డో అక్కడ నుంచి చదవాలి.

ప్యాకేజీ

దీనికి ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఎల్‌క్యూఎఫ్‌పీ-48 కాళ్లు అర మిల్లీమీటరు ఎడంతో బయటికి కనిపిస్తాయి. అతుకు సరిగా పడిందో లేదో భూతద్దంతో తెలుస్తుంది, వేడి గాలి లేకపోయినా ఓపికగా చేత్తో మార్చొచ్చు. క్యూఎఫ్‌ఎన్ చిన్నది, కానీ కాళ్లు అడుగున ఉంటాయి, మధ్యలో పెద్ద ప్యాడ్ ఉంటుంది. స్టార్టర్ డబ్బాలో చోటుకు కొదవ లేదు కాబట్టి చిన్నదాని కోసం రిపేరును కష్టం చేసుకోవడం దండగ.

వేడిని మాత్రం పట్టించుకోవాలి. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే ఎండలో నిలబడ్డ ఇనుప డబ్బా లోపల ఇంకా ఎక్కువ, కాంటాక్టర్ కాయిల్ వేడి దానికి తోడు. STM32G071CBT6 అనే పేరులో చివరి 6 అంటే 85 డిగ్రీల వరకు, 7 అంటే 105 వరకు, 3 అంటే 125 వరకు. ఒక వేసవి మధ్యాహ్నం డబ్బాలో థర్మామీటరు పెట్టి 75 దాటకపోతే 6 చాలు. దాటితే చివర 7 ఉన్నది కొనాలి.

టూల్‌చైన్: తప్పు జరిగినప్పుడు ఎవరు చెబుతారు

G070, G071 రెండింటికీ టూల్స్ ఒకటే. ఉచిత జీసీసీ కంపైలర్, ఓపెన్ఓసీడీ, చవకగా దొరికే ఎస్‌టీ-లింక్ డీబగ్గర్. దీనివల్ల ఒక కోడ్, ఒక ప్రోగ్రామింగ్ జిగ్, ఒక మనిషి నేర్చుకున్న విద్య రెండింటికీ చెల్లుతాయి. ఎంపిక ముందు చేయాల్సిన పరీక్ష చిన్నది. ఐడీఈ లేకుండా, కొత్త ల్యాప్‌టాప్ మీద, కమాండ్ లైన్ నుంచి అదే ఫర్మ్‌వేర్ బైటు తేడా లేకుండా బిల్డ్ అవుతుందా? ఐదేళ్ల తర్వాత ఒక్క లైను మార్చాల్సి వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

ఈ చిప్పుల్లో ఉన్నది కార్టెక్స్-ఎం0+ కోర్. భాగించే ఇన్‌స్ట్రక్షన్ లేదు, ఫ్లోటింగ్ పాయింట్ లేదు. మన 19,200 కొలతలకు 64 మెగాహెర్ట్జ్‌తో ఒక్కో కొలతకు 3,300 క్లాకులు దొరుకుతాయి కాబట్టి అది అడ్డు కాదు. అడ్డయ్యేది ఇంకొకటి. ప్రోగ్రామ్ కూలినప్పుడు ఎందుకు కూలిందో చెప్పే వివరమైన ఫాల్ట్ రిజిస్టర్లు ఎం3 లో ఉంటాయి, ఎం0+ లో ఉండవు. కాబట్టి హార్డ్‌ఫాల్ట్ వచ్చినప్పుడు స్టాక్ నుంచి ప్రోగ్రామ్ కౌంటర్‌నూ, లింక్ రిజిస్టర్‌నూ తీసి రీసెట్ తర్వాత కూడా నిలిచే చోట దాచి, తర్వాతి ఎస్ఎంఎస్‌తో పంపే కోడ్ మొదటి రోజే రాసుకోవాలి. పొలంలోని డబ్బాకు డీబగ్గర్ తగిలించే వీలుండదు.

ఉత్పత్తి లైనులో మరిచిపోయే పని ఒకటి ఉంది. G071 కొన్నంత మాత్రాన బ్రౌన్‌ఔట్ మనం కోరిన స్థాయికి రాదు. దాన్ని చిప్పు సెట్టింగులు ఉండే ఆప్షన్ బైట్లలో రాయాలి. ఫర్మ్‌వేర్ ఒక్కటే ఎక్కించి ఆ మెట్టు వదిలేస్తే 125 రూపాయల చిప్పు కాస్తా 95 రూపాయల చిప్పులా ప్రవర్తిస్తుంది, పరీక్షలో పాస్ కూడా అవుతుంది. జిగ్ చివర ఈ కమాండ్ నడిపి, బ్రౌన్‌ఔట్‌కు సంబంధించిన BOR విలువలు రాసుకున్నవాటితో సరిపోలకపోతే బోర్డును వెనక్కి పంపాలి.

```
STM32_Programmer_CLI -c port=SWD -ob displ
```

ఈ సంస్థ లెక్క G071CBT6 దగ్గర తేలుతుంది, బోర్డు మీద సూపర్‌వైజర్‌కు ఖాళీ చోటుతో. ఆర్డరు పెట్టేముందు Nucleo-G071RB బోర్డు ఒకటి తెచ్చుకుని, సరిగ్గా అదే మోడెమ్, అదే ఫ్లాష్ చిప్పు కట్టి, 3.3 లైనును రిలేతో వెయ్యిసార్లు తెంపి కలపాలి. ఒక్కోసారి ఒక్కో వేగంతో, కొన్నిసార్లు 2.5 దగ్గర ఆపి. వెయ్యోసారి తర్వాత కూడా ఫోన్ నంబరూ, ఓవర్‌లోడ్ సెట్టింగూ చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు 2,000 కి ఆర్డరు పెట్టొచ్చు.